గుండెపోటు తర్వాత దాంపత్యం: అడగలేక ఆగిపోయే ప్రశ్న

కారు ఎప్పుడు నడపాలి, విమానం ఎప్పుడు ఎక్కాలి, ఆఫీసుకి ఎప్పుడు వెళ్లాలి అని డాక్టర్‌ని అందరూ అడుగుతారు. స్టెంట్ పడి, గుండె పంపింగ్ బాగుంటే సొంత కారుకి వారం, విమానానికి ఓ పది రోజులు, కూర్చుని చేసే పనికి రెండు నుంచి నాలుగు వారాలు సాధారణంగా చెబుతారు. బరువులు మోసే పనికీ, లారీ, బస్సు నడపడానికీ ఇంకా సమయం, వేరే పరీక్షలు కావాలి.

పడకగది మాట మాత్రం ఎవరూ ఎత్తరు. భార్య భయంతో దూరం జరుగుతుంది, భర్త దాన్ని అయిష్టం అనుకుంటాడు.

నిజానికి కలయికలో గుండెపై పడే శ్రమ రెండంతస్తుల మెట్లు చురుగ్గా ఎక్కినంత. ఛాతీ నొప్పి, విపరీతమైన ఆయాసం లేకుండా అవి ఎక్కగలిగితే చాలామందికి ఇబ్బంది ఉండదు. కడుపు నిండా తిన్న వెంటనే, మద్యం తాగాక వద్దు.

అసలు ప్రమాదం మాత్రలతో. ఉదాహరణకు, మూడో వారంలో అంగస్తంభన సరిగా లేదని ఒకాయన ఎవరికీ చెప్పకుండా దానికి వాడే సిల్డెనాఫిల్ మాత్ర వేసుకున్నాడనుకుందాం. ఆ రాత్రి ఛాతీ బరువెక్కితే అలవాటుగా ఛాతీ నొప్పికి ఇచ్చిన నైట్రేట్ మాత్ర నాలుక కింద పెట్టుకుంటాడు. రెండూ రక్తనాళాలను వదులు చేసేవే కాబట్టి బీపీ ఒక్కసారిగా పడిపోతుంది, ప్రాణం మీదికి రావచ్చు. సిల్డెనాఫిల్ తర్వాత 24 గంటలు, అదే కోవకు చెందిన టడలాఫిల్ తర్వాత 48 గంటలు నైట్రేట్ ముట్టకూడదు. ఆలోపు నొప్పి వస్తే అంబులెన్స్ పిలిచి, ఏ మాత్ర ఎప్పుడు వేసుకున్నారో ముందే చెప్పాలి. సిగ్గుపడే సమయం కాదది.

గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మందు వల్లే అంగస్తంభన సమస్య వచ్చిందని దాన్ని సొంతంగా ఆపేవాళ్లూ ఉన్నారు. హఠాత్తుగా మానేస్తే గుండె నొప్పి తిరగబెట్టవచ్చు. డాక్టర్‌కి చెబితే మందు మార్చే వీలుందేమో చూస్తారు.