ఒక పేజీ కవర్ లెటర్, 11 రోజులు: నా అనుభవం

జర్నల్‌కు మా పరిశోధన పేపర్ పంపిన నాలుగో రోజు పొద్దున్నే మెయిల్ వచ్చింది. రివ్యూకు పంపకుండా ఎడిటరే తిప్పి పంపేశారు. డెస్క్ రిజెక్ట్ అంటారు దీన్ని. ఒక ప్రాంతపు నీటి నాణ్యత వివరాలు తప్ప ఇందులో కొత్తగా ఏముందో కనిపించలేదని, పైగా మా జర్నల్ పరిధిలోకి రాదని రెండు వాక్యాల్లో కారణం రాశారు. రెండేళ్లపాటు నెలనెలా నల్లగొండ జిల్లాలో బోర్ల చుట్టూ తిరిగి సీసాల్లో నీళ్లు పట్టుకొచ్చినదాన్ని. నాలుగు రోజుల్లో తేల్చేశారే అని ఆ పూట అన్నం సయించలేదు.

సాయంత్రం గైడ్ దగ్గరికి వెళ్తే ఆయన పేపర్ అడగలేదు. "కవర్ లెటర్ ఏం రాశావమ్మా, చూపించు" అన్నారు.

నిజం చెప్పాలంటే, పేపర్‌తోపాటు ఎడిటర్‌కు పంపే ఆ ఉత్తరాన్ని ఎవరో ఒక మనిషి చదువుతారన్న ఆలోచనే నాకు లేదు. ఆ ఫైల్ ఎక్కించకపోతే పోర్టల్ ముందుకు పోనివ్వదు. అందుకని సీనియర్ ఇచ్చిన పాత ఉత్తరంలో శీర్షిక మార్చి, మా అబ్‌స్ట్రాక్ట్‌ను మధ్యలో అతికించి పంపాను. 'గౌరవనీయులైన సర్ లేదా మేడమ్' అని మొదలై, 'మీ ప్రతిష్ఠాత్మక జర్నల్' అంటూ సాగి, 'ఈ ప్రాంతంలో ఇలాంటి అధ్యయనం ఇదే మొదటిసారి' అని ముగుస్తుంది అది.

సార్ ఆఖరి వాక్యం కింద గీత గీశారు. "నల్లగొండ ఫ్లోరైడ్ మీద ఇదే మొదటిదా?"

నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది. అప్పటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ ఉందని 1937లోనే వైద్య పత్రికలో వచ్చింది. పటిక, సున్నం కలిపి నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి లోకమంతా 'నల్లగొండ టెక్నిక్' అనే పేరు వాడుతోంది. భూగర్భ జలాల మీద పనిచేసే ఏ ఎడిటర్‌కైనా ఈ సంగతులు తెలిసే ఉంటాయి. మొదటిసారి అన్న మాట దగ్గరే ఆయనకు నా మీద నమ్మకం పోయి ఉంటుంది.

"మరి నువ్వు కనిపెట్టిందేమిటి? ఇంట్లో మీ అమ్మకు చెప్పినట్టు చెప్పు" అన్నారు సార్.

చెప్పాను. ఈ ఆలోచన మొదలైందే ఒక పెద్దాయన అడిగిన ప్రశ్నతో. పూడిక తీసిన చెరువు ఆ ఏడు నిండా నీళ్లతో ఉంది. గట్టు కింద బోరు దగ్గర నేను నీళ్లు పడుతుంటే, "చెర్వు నిండింది గద బిడ్డా, ఇగ ఈ బోరు నీళ్లు తాగొచ్చా?" అన్నాడు. ఇంట్లో నల్లా ఉన్నా పొలం దగ్గర తాగేది బోరు నీళ్లే. చెరువు నీళ్లు ఇంకితే ఫ్లోరైడ్ పలచబడుతుందని అందరం అనుకుంటాం. నేనూ అలాగే అనుకుని అవునన్నట్టు తలూపాను. తర్వాతి రెండు నెలల్లో ఆ బోరులో ఫ్లోరైడ్ తగ్గకపోగా పెరిగింది. ఫ్లోరైడ్ కొలిచే ఎలక్ట్రోడ్ పాడైందేమో అని మళ్లీ కొలిచాం. అంతే వచ్చింది.

మూడు చెరువుల కింద 36 బోర్లు మేం చూసినవి. గట్టుకు దగ్గరగా ఉన్న 12 బోర్లలో 9 ఇలాగే నడిచాయి. చెరువు నిండకముందు వాటి సగటు లీటరుకు 2.1 మిల్లీగ్రాములు. నిండిన రెండో నెలకు 2.8కి చేరింది, ఐదో నెలకు 1.6కి దిగింది. తాగునీటిలో 1.5 దాటకూడదు. ఎండిన నేలపొరల్లో ఏళ్లుగా పేరుకున్న ఉప్పుల్ని ఇంకే నీరు ముందు కడిగి కిందికి తెస్తుంది. ఆ నీటిలో సోడియం, బైకార్బొనేట్ ఎక్కువ. కాల్షియం సున్నపురాయిలా పేరుకుపోయి నీటిలో తగ్గిపోతుంది. కాల్షియం తగ్గినకొద్దీ రాతిలోని ఫ్లోరైడ్ మరింత కరుగుతుంది. ఆ కడుగుడు అయిపోయాకే అసలు పలచబడటం మొదలవుతుంది.

సార్ అంతా విని, "ఇదెక్కడుంది నీ ఉత్తరంలో?" అన్నారు. అబ్‌స్ట్రాక్ట్‌లో ఏడో వాక్యంలో ఉంది.

ఆ రాత్రి నుంచి ఆ ఒక్క పేజీ మీద కూర్చున్నాను. ముందు కొత్తదనం చెప్పే నాలుగు వాక్యాలు. ఇప్పటివరకు ఏం తెలుసు, ఏది తెలియదు, మేం ఏం చూశాం, దానివల్ల ఏం మారుతుంది. ఇవి తేలిగ్గా వస్తాయనుకుంటే రెండో వాక్యం దగ్గరే బండి ఆగింది. ఏది తెలియదో రాయాలంటే ఏం తెలుసో మళ్లీ చదవాలి. హైదరాబాద్ పక్కన మహేశ్వరం ప్రాంతంలో వరి మళ్ల నుంచి తిరిగి ఇంకే నీటితో ఫ్లోరైడ్ పెరుగుతుందని మోడల్ కట్టి చూపినవాళ్లు మాకు ముందే ఉన్నారు. వాళ్లను వదిలేసి 'ఇంకే నీటితో ఫ్లోరైడ్ పెరగడం కొత్త సంగతి' అని రాస్తే మళ్లీ అదే తప్పు. రేపు మా పేపర్ రివ్యూకు వాళ్లకే వెళ్లినా వెళ్లొచ్చు. మా దగ్గర వేరుగా ఉన్నది నెలల లెక్క: అవే బోర్లు, 24 నెలలు, పెరగడం ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగిందో కొలిచి చూపడం. ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందూ తర్వాతా నీళ్లు పడితే ఈ మధ్య జరిగేది కనపడదు. కొత్తదనం అంతవరకే అని ఒప్పుకున్నాక వాక్యం దానంతటదే వచ్చింది. చిన్న మాటే, కానీ ఎవరూ కాదనలేనిది.

ఇక జర్నల్ సంగతి. మొదటిసారి పంపింది నీటి శుద్ధి ఇంజనీరింగ్ వాళ్లకు. మా పేపర్‌లో శుద్ధి లేనే లేదు. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ చూసి పంపాను, అంతే. ఈసారి హైడ్రోజియాలజీ జర్నల్ ఒకటి ఎంచుకుని, దాని స్కోప్ పేజీని కాగితం మీద ప్రింట్ తీసుకుని చదివాను. ఒక ప్రాంతపు కొలతల్ని మాత్రమే వర్ణించే పేపర్లు తీసుకోమని, అక్కడ జరిగే ప్రక్రియ ఇంకెక్కడికైనా వర్తించాలని అందులో స్పష్టంగా ఉంది. అందుకని నల్లగొండ పేరును ఉత్తరం మొదటి వాక్యం నుంచి తీసి నాలుగో వాక్యంలోకి జరిపాను. ముందు గట్టి రాతి నేలలు, తక్కువ వాన, చెరువుల కింద ఇంకుడు. ఆ తర్వాతే మా ఊళ్లు. ఆ జర్నల్ గత మూడేళ్ల సంచికలు తిరగేస్తే రెండు పేపర్లు మాకు దగ్గరివి దొరికాయి. 'మీ జర్నల్‌కు సరిపోతుంది' అని నేను చెప్పుకోవడం కన్నా, ఆ రెండింటిలో తేలకుండా మిగిలిన ప్రశ్నకు మా దగ్గర కొలతలున్నాయని చెప్పడం మేలనిపించింది. పొగడ్తలన్నీ కొట్టేశాను. ఎడిటర్‌కు తన జర్నల్ ఎంత గొప్పదో నేను చెప్పాలా?

ఆఖరి పేరా హామీలది. ఇది ఇంకెక్కడా అచ్చు కాలేదు, ఇంకో జర్నల్ పరిశీలనలో లేదు, రచయితలంతా చదివి ఒప్పుకున్నారు, ఆర్థిక ప్రయోజనాలు లేవు. కళ్లు మూసుకుని రాసేసేవే ఇవి. కానీ నా థీసిస్ అప్పటికే, పీహెచ్‌డీ థీసిస్‌లను అందరికీ కనిపించేలా ఉంచే శోధ్‌గంగ సైట్‌లో ఉంది, ఈ పేపర్ అందులో నాలుగో అధ్యాయం. జర్నల్ వాళ్లు పోలికల సాఫ్ట్‌వేర్‌లో వేస్తే పేరాలకు పేరాలు ఎర్రగా వెలుగుతాయి. దాచినట్టు ఉండకుండా ముందే ఒక వాక్యం రాశాను. ఒక సదస్సులో పోస్టర్ పెట్టిన సంగతి కూడా.

'రచయితలంతా చదివి ఒప్పుకున్నారు' అన్నది రాసేశాక గుర్తొచ్చింది, ల్యాబ్‌లో కొలతలు చేసిన సహ రచయిత చివరి ప్రతిని చూడనే లేదు. పంపితే ఆయన గంటలో ఫోన్ చేశారు. "మేడమ్, ఉత్తరంలో 11 బోర్లు అని ఉంది, టేబుల్‌లో 9 ఉన్నాయి." పాత ప్రతిలో లెక్క అది. పక్క చెరువు కింది రెండు బోర్లను తర్వాత తీసేశాం. ఉత్తరంలో ఒక అంకె, పేపర్‌లో ఒక అంకె ఉంటే ఎడిటర్ ఏమనుకునేవారో!

చివరికి తేలిన ఉత్తరం తెలుగులో ఇలా ఉంటుంది. పైన ఎడిటర్ పేరు, ఆయనే ఇప్పటికీ ఆ పదవిలో ఉన్నారా అని చూసుకుని రాసింది. ఆ కింద:

"మా పరిశోధనా వ్యాసాన్ని మీ పరిశీలనకు పంపుతున్నాం. గట్టి రాతి ప్రాంతాల్లో చెరువుల కింద ఇంకే నీరు భూగర్భ జలంలోని ఫ్లోరైడ్‌ను పలచన చేస్తుందని సాధారణంగా భావిస్తారు. సాగునీరు తిరిగి ఇంకినప్పుడు ఫ్లోరైడ్ పెరగవచ్చని గతంలో చూపారు గానీ, చెరువు నిండాక ఆ పెరుగుదల ఎంతకాలం ఉంటుందో నెలవారీ కొలతలతో మాకు ఎక్కడా కనిపించలేదు. దక్షిణ భారతదేశంలోని నల్లగొండ జిల్లాలో 36 బోర్లను 24 నెలలు పరిశీలించాం. గట్టుకు దగ్గరి 12 బోర్లలో 9 చోట్ల ఫ్లోరైడ్ మొదటి రెండు నెలలు పెరిగి, ఐదో నెలకు తొలి స్థాయికన్నా దిగువకు వచ్చింది. కాబట్టి చెరువు నిండిన వెంటనే చేసే ఒక్క పరీక్షతో ఆ నీటిపై నిర్ణయానికి రావడం సరికాదు. ఇంకుడు నీటి రసాయన మార్పులపై మీ జర్నల్‌లో వచ్చిన రెండు వ్యాసాలు కాల వ్యవధి ప్రశ్నను తెరిచి ఉంచాయి. మా కొలతలు నేరుగా ఆ ప్రశ్నకు సంబంధించినవి."

ఆ రెండు వ్యాసాల వివరాలు, హామీల పేరా, సంతకం. అంతా కలిపి పేజీకి తక్కువే. అబ్‌స్ట్రాక్ట్ ఎక్కడా లేదు, అది వాళ్ల దగ్గర ఎలాగూ ఉంటుంది. రివ్యూయర్ల పేర్లు సూచించడానికి పోర్టల్‌లో వేరే గడులున్నాయి, అవి అక్కడే నింపాను.

పదకొండో రోజు రాత్రి పంపించాను. తొమ్మిది రోజుల తర్వాత పోర్టల్‌లో స్టేటస్ 'Under Review' అని మారింది. ఎదుటివాళ్లు ఒప్పుకున్నట్టేం కాదు, తలుపు తీశారంతే. అయినా ఆగలేక సార్‌కు ఫోన్ చేశాను.

"మంచిదమ్మా" అన్నారాయన. ఒక క్షణం ఆగి, "ఉత్తరంలో పాత జర్నల్ పేరు తీసేశావు కదా?" అన్నారు.

మాట్లాడుతూనే ల్యాప్‌టాప్ తెరిచి ఫైల్ చూసుకున్నాను. తీసేశాను.