ఒకే క్లెయిముకు రెండు ఉత్తరాలు రాశాను: నా అనుభవం

ఆ ఫైలు నిన్న సాయంత్రం మూసేశాను. వచ్చే సోమవారం మా సెక్షన్‌లో ముగ్గురు కొత్తవాళ్ళు చేరుతున్నారు. క్లెయిమ్ ఇవ్వలేమని ఉత్తరం రాసే పని ముందుగా వాళ్ళకే పడుతుంది. నాకూ అలాగే పడింది. అందుకే జరిగింది మర్చిపోకముందే రాస్తున్నాను.

నేను విజయవాడ బందరు రోడ్డులో ఒక ఆరోగ్య బీమా ఆఫీసులో క్లెయిమ్స్ చూస్తాను. చేరి ఎనిమిది నెలలైంది. ఈ ఫైలు గుంటూరు మిర్చి యార్డు దగ్గర కమిషన్ కొట్టులో గుమస్తాగా చేసే 61 ఏళ్ళ పెద్దాయనది. కుడి కంటికి శుక్లం ఆపరేషన్ చేయించుకున్నారు. బిల్లు 38,400 రూపాయలు. పాలసీ మొదలైంది 2024 ఆగస్టు 5న, ఆపరేషన్ జరిగింది 2026 జనవరి 20న. కాగితాలన్నీ సరిగానే ఉన్నాయి. మెడికల్ ఆఫీసర్ ఒక్క రోజులో చూసి ఇచ్చేశారు. క్లెయిమ్ ఇవ్వలేమన్న నిర్ణయం మీద క్లెయిమ్స్ రివ్యూ కమిటీ సంతకాలు కూడా తొందరగానే వచ్చాయి.

కారణం ఒక్కటే. పాలసీలో ఎక్స్‌క్లూజన్ 02 అని ఒక షరతు ఉంటుంది. జాబితాలో పేరున్న కొన్ని జబ్బులకు, ఆపరేషన్లకు మొదటి పాలసీ తీసుకున్న రోజు నుంచి 24 నెలలు నిండేదాకా ఖర్చు ఇవ్వరు. ప్రమాదం వల్ల వచ్చినదైతే ఈ షరతు వర్తించదు. శుక్లం ఆపరేషన్ ఆ జాబితాలో ఉంది. ఈయనకు ఆపరేషన్ నాటికి 17 నెలల 15 రోజులే అయ్యాయి. నిర్ణయంలో తప్పేమీ లేదు. తప్పంతా నేను రాసిన ఉత్తరంలోనే ఉంది.

అంతకు ముందు శుక్లం ఆపరేషన్‌కే పోయిన ఒక పాత ఉత్తరం సిస్టమ్‌లో దొరికింది. పేరు, పాలసీ నంబరు, తేదీలు మార్చి దాన్నే వాడాను. అందులో మొదటి పేరా వెయిటింగ్ పీరియడ్, అంటే ఈ 24 నెలల గడువు గురించి. రెండో పేరాలో "మీరు ముఖ్యమైన ఆరోగ్య వివరాలను దాచిపెట్టి పాలసీ పొందినట్లు మా పరిశీలనలో తేలింది" అని ఉంది. ఈయన డిశ్చార్జ్ సమ్మరీలో షుగర్ ఐదేళ్ళుగా ఉన్నట్టు రాసి ఉంది కదా, ఈ పేరా కూడా సరిపోతుందిలే అనుకున్నాను. పక్క సీటు సీనియర్‌ను అడిగితే, "ఉండనీ, గట్టిగా రాస్తే మళ్ళీ ఆఫీసు చుట్టూ తిరగరు" అన్నారు. ఆ మాట మీద నాకు ఇప్పటికీ కోపం ఉంది.

ఉత్తరం అందిన మూడో రోజు పదకొండింటికి ఆయన గుంటూరు నుంచి బస్సెక్కి వచ్చేశారు. చేతిలో నా ఉత్తరం, సంచిలో పాలసీ పుస్తకం. కౌంటర్ ముందు పదిహేను మంది దాకా ఉన్నారు. కూర్చోండి సార్ అంటే కూర్చోలేదు.

"ఏమ్మా, ఇది రాసింది నువ్వేనా?"

అవునన్నాను.

"డబ్బులు రావంటే రావని రాయి. నేను దాచిపెట్టానని ఎందుకు రాశావు? ముప్పై ఏళ్ళుగా కొట్లో ఎవరెవరి డబ్బో లెక్క చూస్తున్నాను. ఒక్క రూపాయి దాచానని ఇంతవరకు ఎవరూ అనలేదు. ఈ ఉత్తరాన్ని మా కోడలు చదివింది, మా వియ్యంకుడు చదివాడు."

అని, పాలసీ తీసుకునేటప్పుడు ఇచ్చిన ప్రపోజల్ ఫారం కాపీని సంచిలోంచి తీసి నా ముందు పెట్టారు. మూడో పేజీలో "మధుమేహం ఉందా?" అన్న ప్రశ్నకు ఉంది అని టిక్కు, పక్కనే ఏ సంవత్సరం నుంచో, ఏ మందు వాడుతున్నారో. ఆ కాగితం మా ఫైల్లోనూ ఉంది. నేను ఆ పేజీ తిప్పలేదు. అందరి ముందూ నిలబడి నేను చెప్పగలిగింది "తప్పు నాదే సార్" అన్న ఒక్క మాటే. కౌంటర్ దగ్గర ఎవరూ మాట్లాడలేదు. ఆయన ఉత్తరాన్ని మడిచి మళ్ళీ సంచిలో పెట్టుకుని, "ఇది నా దగ్గరే ఉంటుంది" అని వెళ్ళిపోయారు.

మధ్యాహ్నం మేనేజర్ గారు పిలిచి కమిటీ షీటు చూపించారు. 2024లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం ముగ్గురు సభ్యుల క్లెయిమ్స్ రివ్యూ కమిటీ లాంటి దాని ఆమోదం లేకుండా ఆరోగ్య బీమా క్లెయిమును నిరాకరించకూడదు. పాలసీలో ఏ షరతు వల్ల నిరాకరించారో పూర్తి వివరాలతో తెలియజేయాలి కూడా. మా కమిటీ షీటులో రాసి ఉన్నది ఎక్స్‌క్లూజన్ 02 ఒక్కటే. అంటే కమిటీ ఒప్పుకోని నిందను నా అంతట నేనే చేర్చాను. వెయిటింగ్ పీరియడ్ అంటే గడువు నిండలేదని మాత్రమే అర్థం, అందులో ఎవరి తప్పూ లేదు. వివరాలు దాచారు అంటే మనిషి నిజాయితీ మీద వేసే నింద. దాని మీద పాలసీయే రద్దు కావచ్చు. నేను సిస్టమ్‌లో ఆ కారణం కూడా టిక్కు పెట్టి ఉన్నాను. ఆ రోజే తీయించకపోతే రెన్యువల్ అప్పుడు ఆ మచ్చ మళ్ళీ ఆయన పేరు పక్కన కనిపించేది.

"ఎందుకైనా మంచిది" అని నాలుగు కారణాలు పేర్చే అలవాటు మన దగ్గర చాలామందికి ఉంది. దాని వెనక ఒక భయం ఉంది. ఉత్తరంలో చెప్పని కారణాన్ని కంపెనీ తర్వాత కొత్తగా ఎత్తుకోవడానికి వీల్లేదని 2019లో సుప్రీంకోర్టు ఒక కేసులో చెప్పింది. అందుకని అన్నీ రాసేద్దామనుకుంటారు. ఆ తీర్పు నుంచి నేర్చుకోవాల్సింది అది కాదు. ఉత్తరం రాయకముందే ఫైలు మొత్తం చదివి, రుజువున్న కారణాలన్నీ కమిటీ ముందు పెట్టాలి. కమిటీ ఒప్పుకున్నవన్నీ ఉత్తరంలో ఉండాలి. ఒప్పుకోనిది ఒక్కటి కూడా ఉండకూడదు.

ఒకవేళ నిజంగానే వివరాలు ఇవ్వని కేసైతే? అప్పుడు కూడా దాచారు, మోసగించారు అన్న మాటలు నేను వాడను. దాచడం అంటే మనసులో ఉద్దేశం. అది మనకు కనబడదు, కాగితాలే కనబడతాయి. "ప్రపోజల్ ఫారం మూడో పేజీలో ఈ ప్రశ్నకు లేదు అని ఉంది. ఫలానా తేదీ ఆసుపత్రి రికార్డులో అంతకు రెండేళ్ళ ముందు నుంచే చికిత్స ఉన్నట్టు ఉంది" అని రెండు కాగితాలనూ పక్కపక్కన పెడితే చాలు. చాలా ఫారాలు నింపేది పాలసీ అమ్మిన ఏజెంటే. ఆయన చకచకా టిక్కులు పెడితే కింద సంతకం చేసినవాళ్ళు ఎంతమందో. అడిగితే వాళ్ళ వైపు కథ చెప్పడానికి వీలుండాలి.

రెండో ఉత్తరానికి రెండు రోజులు పట్టింది. ఇంగ్లీషు ఉత్తరంతో పాటు తెలుగులో ఒక పేజీ పెట్టాను. అది ఇలా ఉంది:

"గౌరవనీయులైన ... గారికి,

మీ కుడి కంటి శుక్లం ఆపరేషన్ క్లెయిము (రూ. 38,400) చెల్లించలేకపోతున్నాం. కారణం ఒక్కటే. మీ పాలసీ 2024 ఆగస్టు 5న మొదలైంది. ఆపరేషన్ 2026 జనవరి 20న జరిగింది. అప్పటికి 17 నెలల 15 రోజులైంది. మీ పాలసీ పుస్తకంలోని ఎక్స్‌క్లూజన్ 02 ప్రకారం ఈ ఆపరేషన్‌కు 24 నెలలు నిండాలి. ఆ షరతు పూర్తి పాఠం ఈ ఉత్తరం వెనక అతికించాం.

మా మొదటి ఉత్తరం రెండో పేరాలో మీరు వివరాలు దాచినట్టు రాశాం. అది మా పొరపాటు. షుగర్ ఉన్నట్టు మీరు ప్రపోజల్ ఫారంలోనే తెలిపారు. ఆ పేరాను వెనక్కి తీసుకుంటున్నాం, మా రికార్డుల్లో నుంచి కూడా తొలగించాం. క్షమించండి.

ఈ పాలసీకి ముందు వేరే కంపెనీలో మీకు ఆరోగ్య బీమా ఉండి, మధ్యలో తెగకుండా పోర్టబిలిటీలో ఇక్కడికి మారి ఉంటే, ఆ కాలం కూడా 24 నెలల్లో లెక్కకు వస్తుంది. అలాంటి కాగితాలుంటే పంపండి, మళ్ళీ చూస్తాం. పాలసీ తెగకుండా ఉంటే ఈ షరతు 2026 ఆగస్టు 4తో ముగుస్తుంది."

దీని కింద మా ఫిర్యాదుల విభాగం ఫోను నంబరు, ఆ తర్వాత ఎక్కడికి వెళ్ళాలో రాశాను. కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళవచ్చు. ఏడాదిలోపు వెళ్ళాలి, ఫీజు లేదు. ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా నంబరు 155255 కూడా పెట్టాను. ఈ భాగాన్ని చిన్న అక్షరాల్లో అడుగున తోసేయమని మా సీనియర్ సలహా. నేను మిగతా ఉత్తరం సైజులోనే పెట్టాను, మేనేజర్ గారు సంతకం చేశారు.

కొత్తవాళ్ళు ఒకటి గమనించాలి. మొదటి వాక్యంలోనే ఇవ్వలేం అని ఉంది. పాత ఉత్తరంలో "మీ విలువైన సహకారానికి ధన్యవాదాలు" అని మొదలై, అసలు సంగతి ఆరో లైనుకు వచ్చింది. కంటి ఆపరేషన్ అయిన మనిషి ఆశతో ఐదు లైన్లు చదవాల్సి వస్తుంది. "తీవ్రంగా చింతిస్తున్నాము" కూడా తీసేశాను. క్షమించండి అన్న మాట మా తప్పున్న చోట ఒక్కసారే వాడాను. తేదీలు లెక్కేసి చూపించాను కాబట్టి ఆయన క్యాలెండర్ తీసి తానే సరిచూసుకోగలరు. ఉత్తరం పంపే ముందు మా ఆఫీసులో టీ ఇచ్చే అబ్బాయికి ఇచ్చి చదివించాను. "ఎందుకు ఇవ్వలేదంట?" అని అడిగితే "రెండేళ్ళు కాలేదంట అక్కా" అన్నాడు. మొదటి ఉత్తరం చదివించినప్పుడు "ఏదో మోసం చేశాడంట" అన్నాడు.

నిన్న ఆయన ఫోన్ చేశారు. నేను లేచి నిలబడి మాట్లాడాను. పాత పాలసీ లేదమ్మా, ఇదే మొదటిది అన్నారు. తీసుకునేటప్పుడు ఏజెంట్ అన్నీ మొదటి రోజు నుంచే వస్తాయన్నాడట. అలా చెప్పినట్టు రుజువుంటే ఫిర్యాదులో రాయండి అని చెప్పాను. అక్కర్లేదన్నారు. ఒక్కటే అడిగారు.

"ఎడమ కంటికి కూడా చేయాలంటున్నారు డాక్టరు గారు. తొందరేమీ లేదన్నారు. ఆగస్టు ఐదు తర్వాత చేయించుకుంటే వస్తుందా?"

రెన్యువల్ తప్పకుండా కట్టాలని, షుగర్‌కు వేరే వెయిటింగ్ పీరియడ్ ఉంది కాబట్టి శుక్లం షుగర్ వల్ల వచ్చిందా, వయసు వల్ల వచ్చిందా అన్నది డాక్టరు రాతలో స్పష్టంగా ఉండాలని చెప్పాను. ఆపరేషన్‌కు ముందే ఆసుపత్రి నుంచి క్యాష్‌లెస్‌కు పెట్టించమన్నాను. ఆయన ఆగి ఆగి రాసుకుంటున్నట్టు వినిపించింది. మొదటి ఉత్తరం చించేశానని చివర్లో చెప్పారు.