నిద్ర కూడా చూసుకోవాలంటే బ్యాండే

బడ్జెట్ తక్కువ, అడుగులూ నిద్రా తెలిస్తే చాలు అనుకునేవాళ్ళకి నేనైతే స్మార్ట్‌వాచ్ కన్నా ఫిట్‌నెస్ బ్యాండే చెప్తా. రెండూ వాడి చూశా, అడుగులు లెక్కపెట్టేది రెండిట్లోనూ యాక్సిలరోమీటర్ అనే చిన్న సెన్సరే, చెయ్యి కదలికని బట్టి లెక్కేస్తుంది, అందుకే ట్రాలీ తోసుకుంటూ నడిస్తే రెండూ తక్కువే చూపించాయి.

అసలు తేడా నిద్ర దగ్గర. యాప్స్ అవీ నడిచే స్మార్ట్‌వాచ్‌లు చాలావరకు ఒకట్రెండు రోజులకే చార్జింగ్ అయిపోతాయి, మనకి తీరికయ్యేది రాత్రే కాబట్టి అప్పుడే తీసి చార్జింగ్ పెడతాం, ఇంక ఆ రాత్రి నిద్ర రికార్డే ఉండదు. బ్యాండ్ మామూలుగా వారం వస్తుంది, పైగా సన్నగా తేలిగ్గా ఉంటుంది, చెయ్యి తలకింద పెట్టుకుని పడుకున్నా గుచ్చుకోదు.

కాకపోతే డీప్ స్లీప్ ఇంత అని చూపించేది రెండిట్లోనూ అంచనానే. కదలకుండా మేలుకుని పడుకున్నా సరే నిద్ర కిందే రాసేసుకుంటుంది చాలాసార్లు. అందుకే నేను పడుకున్న టైమూ లేచిన టైమే చూస్తా.

కొన్నాక ఓసారి మనసులో 100 అడుగులు లెక్కపెట్టుకుంటూ నడవండి, నాలుగైదు అటూఇటూ అయితే ఓకే, 20 తేడా వస్తే బ్యాండ్ వదులుగా ఉందేమో, యాప్‌లో కుడిచెయ్యా ఎడమచెయ్యా అన్న సెట్టింగ్ సరిగ్గా ఉందో లేదో చూడండి.