మూడో రన్నింగ్ బిల్లులో తేలిన ఏడు లక్షలు

గుంటూరు దగ్గర కడుతున్న ఒక హాస్టల్ భవనానికి నేను యజమాని తరఫు ఇంజనీరుగా ఉన్నప్పుడు, పని సాగుతుండగా కాంట్రాక్టరు పెట్టిన మూడో రన్నింగ్ బిల్లును సరిచూడవలసి వచ్చింది. ఒప్పందం విలువ కోటి రూపాయలు. పని మొదలుపెట్టేటప్పుడు 10 లక్షల మొబిలైజేషన్ అడ్వాన్స్ ఇచ్చాము. దానిని ప్రతి బిల్లులోని పని విలువపై 12.5 శాతం చొప్పున రాబట్టుకోవాలి, మరో 5 శాతం హామీ కోసం రిటెన్షన్‌గా ఆపాలి. ఇక్కడ అంకెలను గుండ్రం చేసి, పన్నుల కోతలను పక్కన పెట్టి చెబుతున్నాను.

కొలతలకు రెండు రోజులు పట్టింది. ఇనుము బరువును వారు వేబ్రిడ్జి చీటీల ప్రకారం వేసుకున్నారు. చీటీలో సైటులో మిగిలిన కడ్డీల బరువు కూడా కలిసి ఉంటుంది కనుక, కాంక్రీటులో నిజంగా వేసిన కడ్డీల పొడవులను బట్టి దానిని తగ్గించాను. అది పోగా, కొలతలు రాసే పుస్తకమైన ఎం.బుక్ ప్రకారం మొదటి నుంచి అప్పటివరకు జరిగిన పని విలువ 60 లక్షలుగా తేలింది. రెండో బిల్లు నాటికి అది 40 లక్షలు.

అసలు చిక్కు కోతల పేజీలో ఉంది. మొదటి రెండు బిల్లులకు మేము చెక్కుల ద్వారా ఇచ్చినది 33 లక్షలు. మిగిలిన 7 లక్షల్లో 2 లక్షలు రిటెన్షన్, 5 లక్షలు అడ్వాన్స్ రికవరీ. కాంట్రాక్టరు గుమాస్తా 60 లక్షల్లోంచి ఆ 33 లక్షలను తీసివేసి, వచ్చిన 27 లక్షల్లోంచి ఈ బిల్లుకు సంబంధించిన లక్ష రిటెన్షన్‌ను, రెండున్నర లక్షల రికవరీని మాత్రమే తగ్గించి, 23.5 లక్షలు రావాలని చూపించాడు. చూడడానికి ప్రతి కోతా ఉన్నట్టే ఉంది, కూడికలో తప్పు లేదు.

పాత చెక్కుల మొత్తాన్ని తీసివేస్తే, కోతలను కూడా మొదటి నుంచి కలిపి తీసివేయాలి: 60 లక్షల్లోంచి 3 లక్షల రిటెన్షన్, ఏడున్నర లక్షల రికవరీ, 33 లక్షల చెక్కులు పోతే 16.5 లక్షలు. లేదా పాత పని విలువ 40 లక్షలను తీసివేసి, మిగిలిన 20 లక్షలపైనే కోతలు వేయాలి, అప్పుడూ 16.5 లక్షలే. ఈ రెండు పద్ధతులను సగం సగం కలిపితే, ఇంతకుముందు ఆపిన డబ్బంతా చడీచప్పుడు లేకుండా తిరిగి వెళ్ళిపోతుంది. తేడా సరిగ్గా 7 లక్షలు రావడంతోనే నాకు విషయం అర్థమయింది.

“సార్, ఇచ్చినదే కదండీ తీసేశాను” అన్నాడు గుమాస్తా. అతనిది దురుద్దేశమని నేను అనుకోలేదు. మరో వైపు నుంచి లెక్క వేసి చూపించాను. అడ్వాన్సుతో కలిపి ఇప్పటికి 43 లక్షలు చేరాయి, ఈ బిల్లుతో 59.5 లక్షలు అవుతాయి. 60 లక్షల పనిలో మా దగ్గర ఆగిన రిటెన్షన్ 3 లక్షలను తీసి, ఇంకా రావలసిన అడ్వాన్స్ రెండున్నర లక్షలను కలిపితే అదే అంకె వస్తుంది. అతను కాగితం మీద మళ్ళీ ఒకసారి వేసుకుని, కోతల పేజీని మార్చి తెచ్చాడు.