అమ్మ మోకాలి ఆపరేషన్ బిల్లుతో రెండు పాలసీలు పోల్చి చూశాను

అమ్మకు 62 ఏళ్లు. ఎనిమిదేళ్లుగా షుగర్ ఉంది, మోకాళ్లు అరిగిపోయాయి. "ఇప్పుడే తొందర లేదు, రెండు మూడేళ్లలో ఆపరేషన్ అవసరం పడొచ్చు" అన్నారు డాక్టర్. ఆ మాట విన్నాకే ఆమెకు హెల్త్ ఇన్సూరెన్స్ వెతకడం మొదలుపెట్టాను. వెతగ్గా వెతగ్గా రెండు పాలసీలు మిగిలాయి. కవర్, అంటే ఏడాదిలో కంపెనీ ఇచ్చే గరిష్ఠ మొత్తం, రెండింటిలోనూ ఒకటే. లెక్క తేలిగ్గా ఉండాలని మొదటిదాని ఏడాది ప్రీమియంను 100 అనుకున్నాను. ఆ లెక్కన రెండోది 140.

"కవర్ ఒకటే అయినప్పుడు అంత ఎక్కువ ఎందుకే కట్టడం?" అన్నాడు అన్నయ్య. నాకూ మొదట అలాగే అనిపించింది.

కానీ ఆ 100 అసలు ప్రీమియం కాదు. అమ్మ జబ్బుల వివరాలు ఇవ్వకముందు చూపించిన అంకె అది. ఫారం నింపేటప్పుడు ఏజెంటు "షుగర్ సంగతి రాయకండి మేడమ్, ప్రీమియం పెరుగుతుంది" అన్నాడు. అయినా నేను రాసేశాను. దాచిపెట్టి, రేపు ఆస్పత్రి రికార్డుల్లో అది బయటపడితే క్లెయిమ్ తిరస్కరించడమే కాదు, పాలసీనే రద్దు చేయొచ్చు. అన్ని వివరాలూ ఇచ్చాక మొదటిది 125 అయింది, రెండోది 140 దగ్గరే ఉంది. తేడా 40 నుంచి 15కి తగ్గింది.

తర్వాత బ్రోషర్లు పక్కన పెట్టి, రెండింటి నిబంధనల పుస్తకాలు పూర్తిగా చదివాను. మోకాలి ఆపరేషన్‌కీ షుగర్‌కీ సంబంధం లేదు కాబట్టి వెయిటింగ్ పీరియడ్, అంటే పాలసీ తీసుకున్నాక క్లెయిమ్ ఇవ్వకుండా ఆగమనే గడువు, అడ్డు రాదనుకున్నాను. అది నా పొరపాటు. ముందునుంచీ ఉన్న జబ్బులకు ఒక గడువు ఉంటుంది. అది కాక కంటి శుక్లాలు, హెర్నియా, కీళ్ల మార్పిడి లాంటి కొన్ని చికిత్సలకు విడిగా ఇంకో జాబితా, ఇంకో గడువు ఉన్నాయి. ఒకే జబ్బుకు రెండూ వర్తిస్తే ఎక్కువ ఉన్న గడువునే లెక్కలోకి తీసుకుంటారని అక్కడే రాసి ఉంది. అమ్మ మోకాళ్ల నొప్పి ఎలాగూ పాతదే. అలా చూస్తే మొదటి పాలసీలో 36 నెలలు ఆగాలి, రెండో దాంట్లో 24. పైగా మొదటి దాంట్లో 20 శాతం కో-పేమెంట్, అంటే క్లెయిమ్‌లో మన వంతుగా కట్టాల్సిన వాటా, ఉంది, రెండో దాంట్లో లేదు.

అప్పుడు ఒక రూళ్ల కాగితం తీసుకుని మధ్యలో పెన్సిల్‌తో గీత గీశాను. ప్రీమియంకి వాడిన అదే కొలతలో ఒక మోకాలి ఆపరేషన్ బిల్లు 1000 అనుకున్నాను. అందులో గ్లవ్స్, మాస్కులు, రిజిస్ట్రేషన్ చార్జీ లాంటి, రెండు పాలసీలూ ఇవ్వని ఖర్చులు 50. కో-పేమెంట్ మొత్తం బిల్లు మీద పడదు. ముందు ఆ 50 తీసేస్తారు, మిగిలిన 950లో 20 శాతం, అంటే 190, మనం కట్టాలి. కాబట్టి మొదటి పాలసీలో మన చేతినుంచి పడేది 240, రెండో దాంట్లో 50.

ఇక ఆపరేషన్ ఎప్పుడు జరుగుతుందన్నదాన్ని బట్టి లెక్క మారిపోయింది. 30వ నెలలో జరిగితే మొదటి పాలసీ ఏమీ ఇవ్వదు. మూడేళ్ల ప్రీమియం 375, బిల్లు 1000, కలిపి 1375. రెండో దాంట్లో 420, 50 కలిపి 470. నాలుగో ఏడాదిలో జరిగితే నాలుగేళ్ల ప్రీమియంతో కలిపి మొదటి దాంట్లో 740, రెండో దాంట్లో 610. ఆ నాలుగేళ్లలో ఆపరేషనే అవసరం లేకపోతే రెండో దానికి 60 ఎక్కువ కట్టినట్టు. మొదటి రెండేళ్లలోనే అవసరం పడితే మాత్రం రెండూ ఆదుకోవు, బిల్లు మొత్తం మనమే భరించాలి. ఆ అవసరానికి డబ్బు విడిగా పక్కన పెట్టడం మొదలుపెట్టాం.

కాగితం చూసిన అన్నయ్య ఇంకో ప్రశ్న వేశాడు. "రెండు మోకాళ్లూ ఒకే ఏడాది చేయాల్సి వస్తేనో?" నిజమే, కవర్ 1500, బిల్లు 2000 అవుతుంది. తర్వాత పెంచుకుందాంలే అనుకోవడానికి లేదు. పెంచిన మొత్తానికి వెయిటింగ్ పీరియడ్ ఆ రోజునుంచి మళ్లీ మొదలవుతుంది. అందుకే 2000 కవర్‌కి రెండో కంపెనీని అడిగాను. ప్రీమియం 155 అన్నారు. కవర్ మూడో వంతు పెరిగినా ప్రీమియం అంతగా పెరగలేదు. అదే తీసుకున్నాం.

పాలసీ చేతికొచ్చాక అమ్మ ఫైల్ మొదటి పేజీలో రెండు తేదీలు పెద్దక్షరాలతో రాసిపెట్టాను. ఒకటి 24 నెలలు పూర్తయ్యే రోజు. రెండోది ఏటా రెన్యువల్ కట్టాల్సిన రోజు. అది దాటాక ఇచ్చే గ్రేస్ గడువు కూడా అయిపోయి పాలసీ ఆగిపోతే, అప్పటిదాకా గడిచిన నెలలు చేజారతాయి.