హీబ్రూలో కంటికి కనిపించని తప్పులు

ఇంట్లో అందరూ పడుకున్నారు కానీ నా చిరాకు మాత్రం పడుకోలేదు. మందుపెట్టె ఫొటోలో "4–6 గంటలకొకసారి" అన్న అర్థమిచ్చే ఇంగ్లీషు వాక్యాన్ని హీబ్రూలోకి మార్చి, ఫొటో మీద అదే చోట అతికిస్తే, అది "6–4" అని కనిపిస్తోంది. పక్క గడిలోని "4-6" మాత్రం సరిగానే ఉంది.

కారణం గీతలోనే ఉంది. రెండు అంకెల మధ్య ఖాళీ లేకుండా పొట్టి గీత వస్తే, హీబ్రూ వరుసలో దాన్ని సంఖ్యలో భాగంగానే లెక్కిస్తారు. పొడుగు గీతకు సొంత దిశ లేదు కనుక అది చుట్టూ ఉన్న కుడి నుంచి ఎడమకు నడకనే అనుసరిస్తుంది. అరబిక్ అక్షరాల తరువాత వచ్చే అంకెలకు నియమం వేరు, అక్కడ ఏ గీత పెట్టినా 4-6 లాంటి పరిధి కుడి నుంచే మొదలవుతుంది, అందుకే ఈ పొంతన లేనితనం అక్కడ బయటపడలేదు. పరిధికి ముందు U+2066, తరువాత U+2069 అనే కంటికి కనిపించని యూనికోడ్ గుర్తులు పెట్టి దాన్ని విడిగా కట్టేస్తే సమస్య తీరుతుంది. వరుస మధ్యలో వచ్చే -18 లాంటి సంఖ్యలో రుణచిహ్నం కుడివైపుకు జారిపోకుండా కాపాడేది కూడా ఇదే.

అక్షరాలు ఒకదానితో ఒకటి కలవవు కనుక అరబిక్ కన్నా హీబ్రూ తేలికని నేను గట్టిగా వాదించేదాన్ని. ఇప్పుడు ఆ వాదన నిలవదనిపిస్తోంది. అరబిక్ చెడిపోతే అక్షరాలు విడివిడిగా తెగిపోయి, ఆ భాష రానివారికి కూడా తెలిసిపోతుంది. హీబ్రూ పదం మొత్తం తిరగబడి పడినా చక్కగానే కనిపిస్తుంది. అనుభవజ్ఞుడైన ఒక సహోద్యోగి ఒకసారి తెర మీద వేలు పెట్టి, నాలుగు వైపులా మూసుకున్న పెట్టెలా ఉండే అక్షరాన్ని చూపించారు. అది మేమ్ అనే అక్షరపు చివరి రూపం, పదాంతంలోనే వస్తుంది, అంటే ఎడమ కొసన ఉండాలి. ఆ ఫొటోలో అది ప్రతి పదానికీ కుడి కొసన ఉంది. ఆయన గొంతు పెంచలేదు. "ఇలాంటి అక్షరాలు ఐదున్నాయి, ముందు వాటిని చూడండి" అన్నారు. అప్పటినుంచి నా మొదటి చూపు అక్కడికే వెళుతుంది.

అచ్చుల గుర్తులు లేని రాతకు మాత్రం అలాంటి ఆనవాలు లేదు. సామెఖ్, పే, రేష్ అనే మూడక్షరాలు సెఫెర్ అంటే పుస్తకమూ కావచ్చు, సపార్ అంటే మంగలీ కావచ్చు. సిపేర్, అంటే "చెప్పాడు" అన్నప్పుడు హీబ్రూ భాషా అకాడమీ నియమం ప్రకారం యోద్ అనే ఒక అక్షరం చేరాలి. గుర్తులున్న నిఘంటువు రూపం నుంచి గుర్తులను మాత్రమే తీసేస్తే ఆ యోద్ రాదు, అప్పుడు ఇదీ వాటితో కలిసిపోతుంది.

ఇక మిగిలినది అమరిక. పెట్టె మీద మూడు బొమ్మలు ఎడమ నుంచి కుడికి ఉన్నాయి, హీబ్రూ పాఠకుడు మూడో బొమ్మతో మొదలుపెడతాడు. బొమ్మలను తిప్పేద్దామని సాయంత్రం అనుకున్నాను, కానీ ఫొటోలోని బాణం మూత ఏ వైపు తిరుగుతుందో చూపిస్తోంది. దాన్ని అద్దంలోలా తిప్పితే మూత రాదు. బొమ్మలను ఉన్నచోటే ఉంచి, ప్రతి దాని మీదా 1, 2, 3 అని వేసి, వాక్యాలను మాత్రం కుడి అంచుకు సర్దుతాను.