75 అనుకున్నది 70 అయితే

నిఫ్టీలో 100 పాయింట్ల పుట్ స్ప్రెడ్ అమ్మేవాడిని, అంటే ఒక స్ట్రైక్ ధర దగ్గర పుట్ ఆప్షన్ అమ్మి, దానికి 100 పాయింట్ల కింద ఇంకో పుట్ కొనడం; నిఫ్టీ పడకపోతే లాభం. వచ్చేది 30 పాయింట్లు, పోతే 70. అంతకు మించి పోదన్న ధైర్యంతో, ఉన్న డబ్బులో ఎంత వాటా పెట్టాలో చెప్పే కెల్లీ సూత్రం పట్టుకున్నాను: f = p − q/b. f అంటే పెట్టాల్సిన వాటా, p నెగ్గే అవకాశం, q ఓడే అవకాశం. నెగ్గే అవకాశం 75 శాతం అనుకున్నాను, b అంటే వచ్చేదానికీ పోయేదానికీ నిష్పత్తి, 30/70. జవాబు 16.7 శాతం, అంటే 5 లక్షల్లో 83 వేలు. ప్రతిసారీ ఉన్నదాంట్లో అంతే శాతం పెట్టాను. వరుసగా మూడు ఎక్స్‌పైరీల్లో నిఫ్టీ కింది స్ట్రైక్ కూడా దాటి పడింది. మిగిలింది 2.89 లక్షలు.

ఆ రాత్రి నోట్‌బుక్‌లో 75 కొట్టేసి 70 వేసి చూశాను. జవాబు సున్నా! చాలాసేపు ఆ సున్నానే చూస్తూ కూర్చున్నాను. నష్టానికి హద్దు ఉందన్నది నిజమే, కానీ ఆ 75 నా అంచనా మాత్రమే. నిఫ్టీ కదిలితే ఆప్షన్ ధర ఎంత కదులుతుందో చెప్పే డెల్టా చూసి వేసుకున్న లెక్క. అందులో ఐదు శాతం తేడా ఎప్పుడైనా రావచ్చు.

ఇప్పుడు పావు కెల్లీయే, అంటే సూత్రం చెప్పిన 16.7లో నాలుగో వంతు, 4 శాతం చిల్లర. అదే మూడు దెబ్బలకు 4.4 లక్షలు మిగిలేవి. నా అంచనా నిజమైతే పెరుగుదల సగం కూడా ఉండదు, తెలుసు. కానీ టెన్షన్ లేకుండా నిద్రపడుతోంది. నిఫ్టీ, బ్యాంక్ నిఫ్టీ స్ప్రెడ్లు రెండూ ఉంటే ఆ 4 శాతాన్నే రెండింటికీ పంచుతున్నాను, పడితే రెండూ కలిసే పడతాయి కాబట్టి.